‘బోరు’ కవిత మైకు ముందుకు ఎలా వచ్చింది: ఒక కేస్ స్టడీ

నేను నాటకాల మనిషిని. కొన్నాళ్లుగా హైదరాబాద్‌లో ఓపెన్ మైక్‌లకి వెళ్లే కవులకి గొంతు, ఊపిరి, చూపు విషయంలో సాయం చేస్తున్నాను. అనంతపురం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేస్తున్న ఒకమ్మాయి తన కవితతో నా దగ్గరకి వచ్చింది. అప్పటికే ఒక ఓపెన్ మైక్‌లో దాన్ని చదివింది. “అన్నా, పత్రికకి పంపితే బాగుందన్నారు. మైకులో చదివితే ఎవరికీ ఎక్కలేదు. నా గొంతు బాగోదా?” అని అడిగింది. ఫోన్లో ఆ రికార్డింగు విన్నాను. గొంతుకి వంకలేదు. పేజీ మీద పంక్తి విరుపులు చేస్తున్న పని వేదిక మీద ఎవరూ చేయడం లేదు, అంతే. ఆమె అనుమతితోనే కవిత మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

బోరు

రాత్రి పదకొండుకి రిగ్గు బండి వచ్చింది
అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోట
నాన్న సున్నంతో గీసిన వలయం నడుమ
నిశ్శబ్దాన్ని చీల్చుకుంటూ దిగిన ఇనుప కాలు

నూరు అడుగులు
ఎర్రమట్టి
రెండు నూర్లు
జల్లెడ పట్టిన పిండిలా తెల్లని పొడి
మూడు నూర్లు
అమ్మ గాజులు
నాలుగు నూర్లు
తాత ఇచ్చిన దిబ్బచేను
ఐదు నూర్లు
చెల్లి ఇంజనీరింగ్ సీటు

ఒక్కో రాడ్డు లోపలికి దిగుతుంటే
ఒక్కో అంగుళం పైకి లేచి
పునాదులు వదిలేసి
గాలిలో నిలబడ్డ మా ఇల్లు

ఆరు నూర్ల దగ్గర
ఆపమంటారా అని అడిగాడు డ్రైవరు
నాన్న తల అడ్డంగా ఊపాడు

తెల్లారేసరికి
నాన్న కనుబొమల మీద కూడా తెల్లని దుమ్ము
టీ తాగి పోండి
అన్నాడు నాన్న డ్రైవరుతో

పత్రికలో అచ్చయినప్పుడు రెండో చరణంలో పంక్తులు ఒక్కో మెట్టు కుడివైపుకి జరుగుతూ దిగాయట. కంటికి అది బోరు లోతులా కనిపిస్తుంది. చెవికి ఆ మెట్లు లేవు.

మొదట మాటల క్రమం

గొంతు జోలికి వెళ్లే ముందు మాటలు సర్దుకోవాలి. చదివేవాడి కన్ను వెనక్కి వెళ్లి ఒక పంక్తిని మళ్లీ చూసుకోగలదు. వినేవాడికి ఆ వీలు లేదు. తెలుగులో దీనివల్ల ఇంకో చిక్కు ఉంది. మన వాక్యంలో అసలు సంగతి సాధారణంగా చివర వస్తుంది. “నిలబడ్డ చోట”, “గీసిన వలయం”, “చీల్చుకుంటూ దిగిన” అని విశేషణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంటే, వినేవాడు వాటన్నిటినీ చేతిలో పట్టుకుని “ఇనుప కాలు” వచ్చేదాకా కాచుకోవాలి. అది వచ్చేసరికి సగం జారిపోతాయి. పాత రికార్డింగులో మొదటి చరణం అవుతుండగానే కుర్చీల చప్పుడు వినిపించింది. వినేవాళ్లు తెగిపోయారనడానికి ఆ చప్పుడే గుర్తు.

అందుకని మొదటి చరణాన్ని జరిగిన వరుసలో, పూర్తి క్రియలతో మళ్లీ రాసుకుంది:

పొద్దున, అరచేతిలో కొబ్బరికాయ నిలబడింది.
అక్కడ నాన్న సున్నంతో గుండ్రంగా గీత గీశాడు.
రాత్రి పదకొండుకి రిగ్గు బండి వచ్చింది.
గీత మధ్యలో ఇనుప కాలు దిగింది.

“నిశ్శబ్దాన్ని చీల్చుకుంటూ” పోయింది. దాని కోసం ఆమె కాసేపు పోట్లాడింది. కాగితం మీద నిశ్శబ్దం అని రాస్తేనే నిశ్శబ్దం వస్తుంది. మైకు ముందు నోరు మూసుకుంటే అదే వస్తుంది. రెండూ ఎందుకు?

మూడో చరణంలోనూ అదే జబ్బు. “మా ఇల్లు” అనే మాట నాలుగో పంక్తి చివర ఉంది. పైకి లేచింది ఏమిటో అప్పటిదాకా తెలియదు. పేజీ మీద అది అందమే, ఆ ఆలస్యం కవితకి పనికొచ్చింది. వేదిక రూపంలో ఇంటిని ముందుకు తెచ్చాం: “మా ఇల్లు... ఒక్కో రాడ్డు లోపలికి దిగుతుంటే ఒక్కో అంగుళం పైకి లేచింది. పునాది వదిలేసింది. గాలిలో నిలబడింది.”

“ఆపమంటారా అని అడిగాడు డ్రైవరు” కూడా తిరగబడింది. ఎవరు మాట్లాడుతున్నారో మాట అయిపోయాక తెలిస్తే వినేవాడికి లాభం లేదు. “ఆరు నూర్ల దగ్గర డ్రైవరు అడిగాడు: ఆపమంటారా?” అని మార్చాం. చివరి “అన్నాడు నాన్న డ్రైవరుతో” సంగతి వేరు. దాన్ని పూర్తిగా తీసేసి, ఆ పని చూపుకి అప్పగించాం. అది తర్వాత చెప్తాను.

కొబ్బరికాయ సంగతి ఒకటి మిగిలింది. నీటిజాడ చూసేవాళ్లు అరచేతిలో కాయ పెట్టుకుని చేనంతా నడుస్తారని, అది నిలబడిన చోట నీళ్లున్నట్టు లెక్క అని రాయలసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. కెఫేలో కూర్చున్న సగం మందికి అది తెలియదు. ఓపెన్ మైక్ అంటే కవి సమ్మేళనం కాదు. మీకు ముందు ఒకరు స్టాండప్ చేసి వెళ్తారు, తర్వాత ఒకరు గిటారుతో వస్తారు. అక్కడ ఫుట్‌నోట్ ఉండదు. కవితకి ముందు ఒకే ఒక్క వాక్యం పెట్టుకోమన్నాను: “మా ఊళ్లో బోరు ఎక్కడ వెయ్యాలో కొబ్బరికాయ చెప్తుంది.” జనం నవ్వొచ్చు, నవ్వనివ్వాలి. ఆ నవ్వు పూర్తిగా అణిగాక, ఇంకో క్షణం ఆగి “పొద్దున” అని మొదలుపెట్టాలి. ఈ కవిత ఎందుకు రాశానంటే అని ఒక్క ముక్క అదనంగా చెప్పినా, చివరి పంక్తి ముందే చెప్పేసినట్టు అవుతుంది.

విరామం ఎక్కడ

ఆమె మొదటి రికార్డింగులో ప్రతి పంక్తి చివరా సమానంగా ఆగింది. నూరు అడుగులు, ఆగు. ఎర్రమట్టి, ఆగు. రెండు నూర్లు, ఆగు. పది పంక్తులు, పది సమానమైన ఆగుళ్లు. నాలుగోదానికల్లా చెవి ఆ లయకి అలవాటు పడిపోయి వినడం మానేస్తుంది. కొత్తగా వచ్చే కవుల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. పంక్తి విరుపంటే విరామం అనుకుంటారు. ఒక విరుపు అర్థాన్ని కాస్త ఆపి ఇస్తుంది, ఒకటి ఊపిరికి చోటిస్తుంది, ఒకటి చూపు మారిందని చెప్తుంది. పేజీ మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి. వేదిక మీద మూడింటికీ మూడు వేర్వేరు పనిముట్లు కావాలి.

ఈ చరణంలో అసలు మలుపు ఎక్కడుందని అడిగాను. కాసేపు చూసి “గాజుల దగ్గర” అంది. నిజం. మొదటి రెండు లోతుల్లో బయటపడేది భూమిలో ఉన్నదే, మట్టి, రాతిపొడి. మూడో లోతులో బయటపడేది ఇంట్లోది. అంటే మొదటి రెండు జతల్లో ఆగనే కూడదు. “నూరు అడుగులు, ఎర్రమట్టి” ఒకే మాటలా పోవాలి. “రెండు నూర్లు, తెల్లని పొడి” కూడా అంతే. (“జల్లెడ పట్టిన పిండిలా” ఇక్కడే రాలిపోయింది. ఆ ఉపమానం ఉంటే ఈ జత మిగతా వాటికంటే పొడవై, పరుగు దెబ్బతింటోంది.) రిగ్గు సజావుగా దిగుతోందని, ఇదొక లెక్కల పట్టిక అని వినేవాడు అనుకోవాలి. అప్పుడు “మూడు నూర్లు” అని, మొదటిసారిగా ఆగాలి.

ఈ ఆగడం ఎంతసేపు? దాదాపు రెండు సెకన్లు. మైకు ముందు నిలబడ్డవాళ్లకి రెండు సెకన్లు చాలా పెద్దగా అనిపిస్తాయి. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకుంటే ఆ లెక్క కూడా పరిగెడుతుంది. అందుకని అంకెలు వద్దన్నాను. కళ్ల ముందు ఒక రాడ్డు పూర్తిగా లోపలికి దిగడం చూడు, పైభాగం నేలకి తగిలాక మాట్లాడు అన్నాను. ఆమె చిన్నప్పటి నుంచి చూసిన దృశ్యం కాబట్టి వెంటనే పట్టుబడింది. విరామంలో చూడటానికి ఏదో ఒకటి ఉంటే ముఖం ఖాళీగా ఉండదు. వినేవాళ్లు కూడా మర్చిపోయిందేమో అని కంగారుపడరు.

తర్వాతి రెండు జతల్లో ఆగుళ్లు ఎలా ఉండాలన్నది అంత తేలిగ్గా తెగలేదు. గాజుల కంటే చేనుకి, చేను కంటే సీటుకి ఎక్కువసేపు ఆగుతూ పోతే, ఐదో దగ్గర నటన అనిపించింది. చివరికి దిబ్బచేను దగ్గర అసలు ఆపలేదు. “నాలుగు నూర్లు తాత ఇచ్చిన దిబ్బచేను” అని గుక్క తిప్పుకోకుండా అనేసింది. పోయేది పోతోంది, చెప్పుకోడానికి కూడా తీరిక లేదు అన్నట్టు వచ్చింది. ఆ వేగం తర్వాత “ఐదు నూర్లు” అని ఆగితే, ఆ నిశ్శబ్దానికి బరువు దానంతటదే వచ్చింది.

మెట్లు దిగుతున్నట్టు గొంతు కూడా కిందికి దించుదామా అని అడిగింది. చాలామంది చేసే పనే. ఐదు మెట్లు దిగేంత లోతు మామూలు మాట్లాడే గొంతులో ఉండదు. నాలుగో మెట్టుకే గొంతు గరగరలాడుతుంది, మాట స్పష్టత పోతుంది. అంకెలన్నీ ఒకే ఎత్తులో, రిగ్గు దగ్గర నిలబడి లోతు కేకేసే కుర్రాడిలా చదునుగా చెప్పమన్నాను. లోతు సంగతి అంకెలే చూసుకుంటాయి.

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంకో జాగ్రత్త. అడుగులూ, నూర్లూ అని పంక్తి చివరి అచ్చుని సాగదీస్తే పదినిమిషాల్లో ఏ కవితైనా ఒకే రాగంలో పడుతుంది. సమ్మేళనాల్లో విని విని అది మనకి అబ్బేసింది. చివరి అక్షరాన్ని పొట్టిగా తుంచి, నోరు వెంటనే మూసేయడం సాధన చేయాలి. “నూర్లు.” అంతే.

ఊపిరి

పాత రికార్డింగులో ప్రతి అంకెకీ ముందు ‘హస్’ మని ఊపిరి పీల్చిన చప్పుడు మైకులో వినిపించింది. దానితో రెండు నష్టాలు. మొదటిది, ఇప్పుడొక అంకె వస్తోందని ముందే తెలిసిపోతుంది. రెండోది, ఆమె ఇంటి పంక్తుల దగ్గరకి వచ్చేసరికి ఆయాసపడుతోంది. ఊపిరి చాలక అని ఆమె అనుకుంది. నిజానికి ఎక్కువై. “నూరు అడుగులు” అనడానికి ఛాతీ నిండా గాలి అక్కర్లేదు. పీల్చినదాంట్లో కొంచెమే ఖర్చయి మిగతాది లోపలే ఉండగా, పైన మళ్లీ పీలుస్తుంటే కాసేపటికి ఛాతీ బిగుసుకుని గాలి ఆడనట్టు ఉంటుంది. భుజాలు పైకి లేస్తున్నాయా లేదా చూసుకుంటే ఇది ఇట్టే తెలుస్తుంది.

మందు తేలికైనదే. కవితలో పెద్ద ఊపిరి తీసుకునే చోట్లు నాలుగే గుర్తుపెట్టుకున్నాం: “పొద్దున”కి ముందు, “నూరు అడుగులు”కి ముందు, “మా ఇల్లు”కి ముందు, “తెల్లారేసరికి”కి ముందు. మిగతా చోట్ల ఏమీ పీల్చకూడదని కాదు. మాట అయ్యాక పొట్ట వదులు చేస్తే కావలసినంత గాలి చప్పుడు లేకుండా దానంతటదే లోపలికి వస్తుంది. నోరు కొద్దిగా తెరిచి ఉంచితే ముక్కు శబ్దం కూడా ఉండదు. “ఐదు నూర్లు” తర్వాతి విరామంలో మాత్రం ఊపిరి తీసుకోవద్దన్నాను. అక్కడ పీలిస్తే విరామం విశ్రాంతి అయిపోతుంది. ఉన్న గాలితోనే “చెల్లి ఇంజనీరింగ్ సీటు” అనాలి. చివర గొంతు కాస్త సన్నబడితే సన్నబడనీ. దాని తర్వాత పెద్ద ఊపిరి, “మా ఇల్లు”.

ఇంటి పంక్తుల్లో “ఒక్కో రాడ్డు” నుంచి “పైకి లేచింది” దాకా ఒకే ఊపిరి. ఆ తర్వాతి రెండు పొట్టి వాక్యాలు ఎవరికైనా వస్తాయి.

చూపు

ఎక్కడ చూడాలన్నది కవులు అన్నిటికన్నా ఆలస్యంగా ఆలోచిస్తారు. ఆమె ఫోన్లోకి చూస్తూ చదివింది, మధ్యమధ్య తలెత్తి గదంతా ఒకసారి టేబుల్ ఫ్యాన్‌లా తిరిగింది. తల తిరుగుతున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడుతున్నట్టు ఉండదు.

ఈ కవితకి మూడు చోట్లు చాలనుకున్నాం. మొదటిది బోరు గుంత. సహజంగా ఆమె తన కాళ్ల దగ్గర చూసింది. అలా చూస్తే కనురెప్పలు వాలిపోయి, నుదురు తప్ప ఏమీ కనిపించదు. పైగా గడ్డం దిగి గొంతు నొక్కుకుంటుంది. గుంతని ముందుకు జరిపి రెండో వరుస కుర్చీల మధ్య నేల మీద పెట్టాం. అప్పుడు కళ్లు కనిపిస్తాయి, జనం మధ్యలోనే బోరు పడుతున్నట్టూ ఉంటుంది. అంకెలు గుంతని చూసి, వస్తువులు మనుషుల్ని చూసి. “మూడు నూర్లు” గుంతకి. విరామంలో చూపు అక్కడే. “అమ్మ గాజులు” అనే క్షణానికి ఒక మనిషి ముఖానికి. చూపు మాటతో పాటే లేవాలి. ముందే లేస్తే రహస్యం బయటపడుతుంది.

రెండోదీ మూడోదీ డ్రైవరు, నాన్న. డ్రైవరు బండి దగ్గర నిలబడ్డాడు, నాన్న గట్టు మీద కూర్చున్నాడు. కాబట్టి “ఆపమంటారా?” అన్నప్పుడు ఆమె డ్రైవరు, చూపు కుడివైపుకి, కొంచెం కిందికి. చివరి “టీ తాగి పోండి” అన్నప్పుడు ఆమె నాన్న, చూపు ఎడమవైపుకి, కొంచెం పైకి. ఈ రెండూ సరిగ్గా పడితే “అన్నాడు నాన్న డ్రైవరుతో” అక్కర్లేదు. ఎవరు ఎవరితో అన్నారో కళ్లే చెప్తాయి. కోణం చిన్నదే ఉండాలి, మైకుకి అటూ ఇటూ ఒక జానెడు. తల మొత్తం తిప్పితే నోరు మైకు దాటిపోయి ఆ ఒక్క మాటే వినపడకుండా పోతుంది. నోరు మైకు వైపే, దాదాపు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, కళ్లనీ కొద్దిగా గడ్డాన్నీ తిప్పడం అలవాటు చేసుకోవాలి.

“తల అడ్డంగా ఊపాడు” దగ్గర తల ఊపాలా? మాట తీసేసి ఊపి చూసింది. వెనక కూర్చున్న నాకు కనపడలేదు. మాటా ఊపూ రెండూ పెడితే చిన్నపిల్లల అభినయ గీతంలా ఉంది. మాట ఉంచి, తల కదలకుండా చెప్పింది. అదే నిలిచింది.

కవిత అప్పటికి కంఠస్థమైనా చేతిలో ఒక అట్టముక్క ఉంచమన్నాను. పలచటి కాగితం చేతి వణుకుని పెద్దది చేసి చూపిస్తుంది. ఫోన్ అయితే స్క్రీన్ వెలుగు ముఖం మీద పడుతుంది, నోటిఫికేషన్ వస్తుంది. అట్ట మీద పెద్ద అక్షరాలతో ఐదు చరణాల మొదటి మాటలు మాత్రం రాసుకుంది.

వేదిక మీద

కొత్త రూపంతో వెళ్లినప్పుడు నేనూ వెనక కూర్చున్నాను. ఆగకుండా చదివితే ముప్పావు నిమిషం పట్టే కవిత దాదాపు రెండు నిమిషాలు నడిచింది. కొబ్బరికాయ దగ్గర నవ్వారు. గాజుల దగ్గర గది నిశ్శబ్దమైంది. కానీ “గాలిలో నిలబడింది” తర్వాత చప్పట్లు పడ్డాయి. అయిపోయిందనుకున్నారు. ఆమె బెదరలేదు. చప్పట్లు సగం తగ్గాక “ఆరు నూర్ల దగ్గర” అని అందుకుంది. కానీ దెబ్బ తగిలింది.

తప్పుడు చోట చప్పట్లు పడితే జనాన్ని అనుకుని లాభం లేదు. వీడియో చూస్తే కారణం కనిపించింది. ఆ పంక్తి చివర గొంతు కిందికి దిగింది, భుజాలు వాలాయి, చూపు అట్ట మీదకి వెళ్లింది. ముగింపుకి మనిషి ఒళ్లు ఇచ్చే మూడు సైగలూ ఒక్కసారే పడ్డాయి. ఏ ఒక్కటి ఉన్నా ఫర్వాలేదు, మూడూ కలిస్తే చేతులు వాటంతటవే లేస్తాయి. తర్వాతి సారికి “నిలబడింది”ని కొంచెం ఎత్తులోనే వదిలేసి, కళ్లు గుంత మీదే ఉంచి, గాలి బయటికి వదలకుండా “ఆరు నూర్ల దగ్గర”లోకి వెళ్లింది. మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అసలు ముగింపు దగ్గర తిరగేసి అదే పని. “టీ తాగి పోండి” అని మామూలు గొంతుతో, ఇంటికొచ్చిన మనిషిని పిలిచినట్టు అనాలి. ఏడుపు గొంతు పెడితే కవిత పోతుంది. చూపు డ్రైవరు మీదే ఒక రాడ్డు దిగేంతసేపు ఉంచి, ఆ తర్వాతే గాలి వదిలి, భుజాలు వదిలి, జనం వైపు తిరగాలి. ఆ మధ్యలో “థాంక్యూ” అనకూడదు. చాలామంది చివరి అక్షరానికి అతుక్కునేలా థాంక్యూ అనేస్తారు. దాంతో నాన్న మాట కాస్తా కవి మాట అవుతుంది.

ఈ కొలతలు నలభై, యాభైమంది ఉన్న గదికి. పదిహేనుమందే ఉన్న ఒక లైబ్రరీ హాల్లో మైకు లేకుండా చదివినప్పుడు “ఐదు నూర్లు” తర్వాతి విరామం ఇబ్బందిగా పొడవైపోయింది. ముందు వరుసలో ఒకావిడ ఆమెకి మాట గుర్తు రావడం లేదనుకుని అందించబోయింది. దగ్గరగా కూర్చున్నవాళ్లకి నిశ్శబ్దం త్వరగా చేరుతుంది, సగం చాలు. గుంతని కూడా రెండో వరుసలో పెట్టడానికి వీల్లేదు, అక్కడ మనుషుల మోకాళ్లున్నాయి. మొదటి వరుసకీ ఆమెకీ మధ్యనున్న ఖాళీ నేల మీదికి మార్చుకుంది. వీడియో తీసే కార్యక్రమానికి పిలిచినప్పుడు కెమెరా వైపు చూడనా అని ఫోన్ చేసింది. చూడొద్దన్నాను. మనుషుల్ని చూసిన చోట మనుషుల్నే చూడు, కెమెరాని ఆ మనుషుల వెనక పెట్టమని నిర్వాహకులకి చెప్పు అన్నాను.